మట్టిగుట్టకి కంచె ఎందుకు, తోరణం ఎందుకు?

ప్రశ్న: సార్, నాది కర్నూలు. ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. స్తూపం మీద ఆర్ట్ హిస్టరీ వ్యాసం రాయాలి. మా నోట్స్‌లో అండం అంటే విశ్వం, హర్మిక అంటే దేవలోకం, యష్టి అంటే మేరుపర్వతం అని వరసగా ఉన్నాయి. అవే రాస్తే సరిపోతుందా? అసలు లోపలికి వెళ్ళడానికే వీల్లేని గుట్టకి కంచె, గేట్లు ఎందుకు పెట్టారో నాకు అర్థం కావట్లేదు. వచ్చే వారమే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

సరిపోదు. కానీ మీ రెండో ప్రశ్న చాలా మంచిది. వ్యాసమంతా దాని మీదే నడిపించండి. కర్నూల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఈ పాఠం చెప్పాను. పరీక్ష పేపర్లలో ఆ "అండం అంటే ఇది, హర్మిక అంటే అది" పట్టికే వందలసార్లు దిద్దాను. ఆ పట్టికలో పెద్ద లోపం ఏమిటంటే, స్తూపం మొత్తం ఒకే రోజున, ఒకే ఆలోచనతో పుట్టినట్టు ఉంటుంది. అలా పుట్టలేదు. సాంచి పెద్ద స్తూపాన్నే తీసుకుంటే ఇటుక గుట్టకీ, ఈ రోజు ఫొటోల్లో కనిపించే తోరణాలకీ, అంటే మీరన్న గేట్లకీ మధ్య రెండు శతాబ్దాలకు పైగా దూరం ఉంది. ఆ దూరంలో గుట్ట సైజు పెరిగినా ఆకారం పెద్దగా మారలేదు. మారిందంతా గుట్ట అంచున, మనుషులు నడిచే చోట. నా మాట వింటే మీ వ్యాసానికి ఇదే దారం.

ముందు గుట్ట సంగతి. మీ నోట్స్‌లో అండం అన్నది దీన్నే. మనకి గుడి అంటే గర్భగుడి. యాగంటి వెళ్ళినా అహోబిలం వెళ్ళినా లోపలికి, ఇంకా లోపలికి, చీకట్లోకి వెళ్ళి దర్శనం చేసుకుంటాం. స్తూపానికి లోపల అనేదే లేదు. ఒక ధాతువుని, అంటే బుద్ధుడిదో ఆయన శిష్యులదో అస్థి శకలాన్ని, పేటికలో పెట్టి దాని మీద మట్టి, ఇటుక, రాయి పోసి మూసేస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ చూడరు. 1822లో ఒక బ్రిటిష్ అధికారి ఏదో దొరుకుతుందని సాంచి పెద్ద స్తూపాన్ని పైనుంచి కింద దాకా ఒక పక్క కోసేశాడు. లోపల గది లేదు, దారి లేదు. ఆ గండి వల్ల తర్వాత పడమటి తోరణం, కంచెలో కొంత భాగం కూలిపోయాయి. 1851లో కన్నింగ్‌హామ్, మైసీ మళ్ళీ తవ్వించినా ఈ పెద్ద స్తూపంలో ధాతువు దొరకలేదు. పక్కనున్న రెండో, మూడో స్తూపాల్లో దొరికింది. మూడోదాంట్లో బుద్ధుడి శిష్యులు సారిపుత్త, మహామొగ్గల్లానల పేర్లతో ఉన్న పేటికలు వచ్చాయి.

లోపలికి వెళ్ళలేనప్పుడు భక్తుడు ఏం చేస్తాడు? చుట్టూ తిరుగుతాడు. స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణ చేయడమే అక్కడ పూజ. గర్భగుడి కూడా ఉన్న మన శ్రీశైలంలోనే ప్రాకారం గోడ బయటివైపు బొమ్మలు చూడాలంటే చుట్టూ నడవక తప్పదు కదా. స్తూపంలో చూడటమంతా అలాంటిదే. అందుకే కట్టేవాళ్ళ శ్రద్ధంతా ఆ నడక దారి మీదికి వచ్చింది.

ఇక ప్రతీకలు. రాయొద్దని అనను. కానీ ఏ అర్థానికి ఎంత బలమైన ఆధారం ఉందో విడదీసి రాయండి. గొడుగు అర్థానికి ఆధారం గట్టిది. బుద్ధుడి చివరి రోజుల కథ చెప్పే మహాపరినిబ్బాన సుత్తంలో ఆయన తన అంత్యక్రియల గురించి చెబుతూ, చక్రవర్తికి చేసినట్టే చేసి నాలుగు దారులు కలిసే చోట స్తూపం కట్టమంటాడు. గొడుగు రాజలాంఛనం. గుట్ట మీద యష్టి అనే నిలువు స్తంభానికి గుచ్చిన రాతి ఛత్రం "ఇక్కడున్నది చక్రవర్తితో సమానమైనవాడు" అని చెబుతుంది. ఇది ఆ కాలపు మనుషులకు ఎవరూ వివరించనక్కర్లేని భాష. నాలుగు దిక్కులా ద్వారాలున్న స్తూపాన్ని చూస్తే ఆ నాలుగు దారుల కూడలి గుర్తొస్తుంది. దాన్ని మాత్రం మన ఊహగానే రాయండి.

ఇక హర్మిక. దగ్గరగా చూస్తే అది గుట్ట నెత్తిన కట్టిన చిన్న చదరపు కంచె. కింద నేల మీద ఉన్న కంచెకి తమ్ముడు. పవిత్రమైన దాని చుట్టూ కంచె కట్టడం అప్పటికే ఉన్న అలవాటు. బోధివృక్షం చుట్టూ కంచె, పూజించే చెట్టు ఏదైనా దాని చుట్టూ కంచె శిల్పాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. "హర్మిక అంటే దేవలోకం" అనే మాటకి ముందు ఈ కనిపించే సంగతి రాయండి. అండం అంటే బ్రహ్మాండం, యష్టి అంటే మేరువు అనే చదువు తర్వాతి గ్రంథాల నుంచి, ఆధునిక పండితుల నుంచి వచ్చింది. అశోకుడి మేస్త్రీ మనసులో అదే ఉందని రాస్తే జాగ్రత్తగా చదివే పరీక్షకుడు అక్కడే ఆగుతాడు. "ఇలా కూడా చదివారు" అని ఒక పేరా ఇస్తే చాలు.

ఇప్పుడు సాంచి పెద్ద స్తూపాన్నే తీసుకుని కాలం వారీగా విప్పి చూపించండి. లోపల ఉన్నది అశోకుడి కాలపు ఇటుక స్తూపం, క్రీ.పూ. 3వ శతాబ్దం. దాని అడ్డుకొలత ఇప్పటిదాంట్లో దాదాపు సగమే ఉండేది. అది అశోకుడి కాలానిదని ఎలా తెలుసు? దక్షిణ ద్వారం దగ్గర అశోక స్తంభం ఉంది, దాని మీద బౌద్ధ సంఘాన్ని చీల్చేవాళ్ళని హెచ్చరించే శాసనం ఉంది. 1912 నుంచి అక్కడ తవ్వకాలు చేయించిన జాన్ మార్షల్, ఆ స్తంభం నిలిచిన పాత నేలా, ఇటుక స్తూపం నేలా ఒకే కాలానివని గమనించాడు. తర్వాత కట్టిన రాతి పనికి సంబంధించిన నేల దాని పైన ఉంది. నేల మట్టం చూసి కాలం పట్టుకోవడం అంటే ఇదే. అశోకుడి ఊసు ఎత్తినప్పుడు మన ఎర్రగుడి శాసనాలను కూడా ఒక వాక్యంలో తలుచుకోవచ్చు. పత్తికొండ, గుత్తి మధ్య బండల మీద అదే బ్రాహ్మీ లిపి ఉంది. వీలైతే ఒకసారి వెళ్ళి ఆ అక్షరాలు చూసి రండి, సాంచి శాసనం ఫొటో కూడా వేరేగా కనిపిస్తుంది.

క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఆ ఇటుక గుట్టని పడగొట్టకుండా దాని మీదే రాతి తొడుగు వేసి పెంచారు. పవిత్రమైన పాతదాన్ని తీసేయరు, కొత్తదాంట్లో దాచుకుంటారు. అప్పుడే గుట్ట అడ్డుకొలత సుమారు 36 మీటర్లకు వచ్చింది. గుట్ట నడుము దగ్గర మేధి అనే అరుగు, దాని మీదికి ఎక్కడానికి దక్షిణాన రెండు వైపుల మెట్లు, నేల మీద పెద్ద రాతి కంచె ఈ దశలో వచ్చినవే. అంటే ప్రదక్షిణకి ఇప్పుడు రెండు దారులు, కింద ఒకటి, అరుగు మీద ఒకటి. నాలుగు తోరణాలు ఆ తర్వాత, క్రీ.పూ. 1వ శతాబ్దంలో. "సాంచి స్తూపాన్ని అశోకుడు తోరణాలతో కట్టించాడు" అనే తప్పు ప్రతి ఏడాదీ చూసేవాణ్ణి. మీ వ్యాసంలో అది ఉండకూడదు.

కంచె దగ్గర కాసేపు నిలబడాలి. సంస్కృతంలో వేదిక అంటారు. మన రాయలసీమ పల్లెల్లో పాత దొడ్డి వాకిలి చూశారా? రెండు పక్కలా నిలువు రాళ్ళు పాతి, వాటికి రంధ్రాలు తొలిచి, అడ్డంగా కర్రలు దూర్చుతారు. కర్ర జరిపితే దారి, దూర్చితే అడ్డం. సాంచి కంచె కట్టుబడి సరిగ్గా అదే, కాకపోతే అంతా రాయి. నిలువు స్తంభాలు, వాటి పక్కల తొలిచిన రంధ్రాల్లోకి దూర్చిన మూడు అడ్డపట్టీలు, అందరి నెత్తిన ఒక బరువైన దూలం. అడ్డపట్టీ పేరు సూచి, అంటే సూది. రంధ్రంలోకి దూరుతుంది కాబట్టి ఆ పేరు. పై దూలం పేరు ఉష్ణీషం, అంటే తలపాగా. సూచిని అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, కంటి ఆకారంలో, మధ్య ఉబ్బి అంచులు సన్నబడి ఉంటుంది. ఉష్ణీషం రాళ్ళు ఒకదానికొకటి కలిసే చోట నిలువుగా కాక ఏటవాలుగా కోసి అతికారు. ఇది వడ్రంగి పని. రాతిని రాతి మీద పెడితే బరువుకే నిలుస్తుంది, దానికి ఇంత అతుకు అక్కర్లేదు. కర్రకి కావాలి. అంటే ముందు ఈ కంచెలు కర్రతో ఉండేవి, రాయికి మారినా చేతివాటం వడ్రంగిదే ఉండిపోయింది. కర్ర కంచె ఒక్కటీ మనకి మిగలకపోయినా, ఈ అతుకే దానికి సాక్ష్యం. ప్రతీకల గురించి రెండు పేజీలు రాసే బదులు ఈ అతుకు బొమ్మ ఒకటి చేత్తో గీసి పెట్టండి. అది ఎక్కువ చెబుతుంది.

కంచె చేసే పనులు రెండు. ఒకటి, నడకని మలచడం. సాంచిలో తోరణం కిందుగా వచ్చినవాడు తిన్నగా గుట్ట దగ్గరికి పోలేడు. ఎదురుగా కంచె రాళ్ళు అడ్డం ఉంటాయి, పక్కకి తిరగాలి. తిరిగాక అడుగు తనంతట తానే ప్రదక్షిణ దారిలో పడుతుంది. నాలుగు ద్వారాల దగ్గరా ఇదే వంపు ఉండటం వల్ల పైనుంచి చూసిన నక్షా స్వస్తికంలా కనిపిస్తుంది. బయట సంత, బండ్లు, దుమ్ము. ఆ ఒక్క మలుపు తర్వాత ఎత్తైన రాతి కంచెకీ గుట్టకీ మధ్య సన్నని దారి, పైన ఆకాశం. నేను మొదటిసారి అక్కడ నడిచినప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలోనే ఆగిపోయాను.

రెండోది చాలామంది వదిలేసేది. కంచెని ముక్కలుగా పంచుకోవచ్చు. గుట్ట ఒకటే ముద్ద, అందులో నా ఇటుక ఏదో నాకే తెలియదు. కంచెలో మాత్రం ఈ స్తంభం నాది, ఆ సూచి మీది. సాంచిలో వందల కొద్దీ చిన్న చిన్న శాసనాలు ఉన్నాయి, అన్నీ ఒకే తీరు: ఫలానా ఊరి ఫలానా వారి దానం. భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు, వర్తకులు అందరూ ఉన్నారు. బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదవగలిగింది కూడా వీటివల్లే. ప్రతి చిన్న శాసనం చివరా ఒకే అక్షరాలు వస్తున్నాయని గమనించి, అవి "దానం" అయి ఉండాలని పట్టుకున్నాడు. మన వైపు అమరావతిలోనూ ఇదే. అక్కడ విధికుడు అనే చర్మకారుడు తన వాళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని దానం చేసినట్టు శాసనం ఉంది. రాజు పేరు లేకుండా నిలబడ్డ ఆ పలకని మీ వ్యాసంలో తప్పకుండా పెట్టండి. కంచె రాయిగా మారడానికి కారణం రాజుల ఆడంబరం ఒక్కటే కాదు, పంచుకోవడానికి వీలున్న కట్టడం కావడం కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

తోరణం దగ్గరికి వస్తే, పేరు మనకి ఇంటి మాటే. గుమ్మానికి మామిడాకుల తోరణం కడతాం. సాంచి తోరణం రెండు చదరపు స్తంభాలు, వాటి మీద కొనలు చుట్టలు తిరిగిన మూడు వంపు దూలాలు. ఇది కూడా కర్ర కట్టడమే, రాతిలో. కంచె బోడిగా ఉంటుంది, చెక్కడమంతా తోరణాల మీదే. దక్షిణ తోరణం మీద, పై దూలంలో చెక్కిన చిన్న స్తూపం బొమ్మ గుమ్మటం మీదే ఒక శాసనం ఉంది. రాజు శాతకర్ణి శిల్పుల పెద్ద ఆనందుడి దానం అని. అదే తోరణం స్తంభం మీద విదిశ దంతపు పనివాళ్ళు చెక్కారని మరో శాసనం ఉంది. ఏనుగు దంతం మీద సన్నపని చేసే చెయ్యి రాతి మీద పడితే ఎలా ఉంటుందో ఆ కిక్కిరిసిన బొమ్మల్లో చూడొచ్చు.

వ్యాసంలో ఒక్క దూలాన్నే పూర్తిగా చదవండి, నాలుగు తోరణాలనీ పైపైన తడమొద్దు. నేనైతే తూర్పు తోరణం మధ్య దూలాన్ని ఎంచుకుంటాను. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టం. ఎడమ కొసన కపిలవస్తు కోట. అక్కడినుంచి కంథకం అనే గుర్రం బయలుదేరుతుంది. అదే గుర్రం మళ్ళీ, మళ్ళీ, కుడివైపుకి నడుస్తూ కనిపిస్తుంది. జీను మీద ఎవరూ లేరు. కానీ ఆ ఖాళీ జీనుకి పైన ఒకడు గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. ఎక్కినవాడు ఉన్నాడని ఆ గొడుగే చెబుతుంది. కుడి కొసన గుర్రం పక్కన కాదు, రెండు పాదాల గుర్తుల పైన గొడుగు ఉంది. ఆయన దిగి నడిచి వెళ్ళిపోయాడు. కింద గుర్రం తిరిగి వెనక్కి వస్తోంది, ఈసారి దాని మీద గొడుగు లేదు. దూలం మధ్యలో ఒక చెట్టు, దాని చుట్టూ కంచె. ఇప్పుడు తలెత్తి స్తూపం వైపు చూడండి. కనిపించని వాడి మీద గొడుగు, దాని చుట్టూ కంచె. తోరణం మీద చెక్కిన భాషా, వెనకాల నిలబడ్డ గుట్ట భాషా ఒకటే. ద్వారం దగ్గర ఆ భాష నేర్పించి లోపలికి పంపుతున్నారు. మీ నోట్స్‌లోని ప్రతీకల పట్టిక కన్నా ఈ ఒక్క దూలం ఎక్కువ బలం ఇస్తుంది.

సాంచితో ఆపొద్దు, మన ఆంధ్ర స్తూపాన్ని పక్కన పెట్టి పోల్చండి. అమరావతి మహాచైత్యం సాంచి కన్నా పెద్దది, గుట్ట అడ్డుకొలత దాదాపు 50 మీటర్లు. అక్కడ సాంచి లాంటి తోరణాలు లేవు. నాలుగు దిక్కులా కంచె ముందుకు పొడుచుకొచ్చి దారి ఇస్తుంది, ఆ దారి పైన సింహాలు కూర్చుని ఉంటాయి. ద్వారానికి ఎదురుగా, గుట్ట అడుగున ఆయక వేదిక అనే అరుగు, దాని మీద అయిదేసి స్తంభాలు. పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, పరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులని పండితులు చదువుతారు. సాంచిలో తోరణం మీద ఉన్న కథ ఇక్కడ కంచె మీదికి, గుట్ట చుట్టూ కప్పిన పలకల మీదికి వచ్చింది. అదీ కంచె లోపలి ముఖం మీద ఎక్కువ, అంటే ప్రదక్షిణ చేసేవాడి కళ్ళకే ఎక్కువ.

దీనికి రాయి కూడా ఒక కారణం. సాంచిది ఇసుకరాయి. అమరావతిది పల్నాటి సున్నపురాయి, మన కడప బండ, బేతంచెర్ల నాపరాయిల చుట్టాల్లోదే. మీ ఇంట్లో బండ పరిచి ఉంటే దాని అంచు చూడండి, పొరలు పొరలుగా ఉంటుంది. పలకలుగా చీలడానికి అనువైన రాయి. పలక దొరికే చోట గుట్టని పలకలతో కప్పడం, వాటి మీద నున్నగా, సన్నగా చెక్కడం సహజంగా వస్తుంది.

అమరావతి గుట్ట ఇప్పుడు లేదు. 18వ శతాబ్దం చివర కొత్త ఊరి కట్టడాల కోసం ఇటుకలు, పలకలు తవ్వుకుపోయారు. 1797లో బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ చూసేసరికే అది చెదిరిపోతోంది. మిగిలిన పలకలు చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. మరి ఆ స్తూపం ఎలా ఉండేదో మనకెలా తెలుసు? ఆ పలకల్లో కొన్నింటి మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంది. కంచె, సింహాలు, అయిదు స్తంభాలు, దండలు వేసిన గుమ్మటం, పైన గొడుగుల గుంపు అన్నీ అందులో ఉన్నాయి. అది ఫొటో కాదు, శిల్పి కాస్త గొప్పగా చూపించి ఉంటాడు. అందుకని కొలతలకు తవ్వకాల్ని, ఆకారానికి ఆ పలకని వాడుకోండి.

ఒకసారి పిల్లల్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. అందరూ స్తంభాల ముందు నిలబడి మధ్యలోని తామరపువ్వుల ఫొటోలు తీస్తున్నారు. ఒక అమ్మాయి మాత్రం పక్కకి వెళ్ళి, "సార్, ఈ పక్కన మూడు కళ్ళున్నాయి" అంది. స్తంభం పక్క ముఖంలో ఒకదాని కింద ఒకటి, కంటి ఆకారంలో మూడు ఖాళీ రంధ్రాలు. సూచులు దూరిన చోట్లు. ముందునుంచి చూస్తే అది ఒక శిల్పం, పక్కనుంచి చూస్తే ఒక కంచెలో ముక్క. ఆ రోజు వేదిక గురించి నేను వేరే ఏమీ చెప్పాల్సిన పని పడలేదు.

రాయడం మొదలుపెట్టే ముందు తెల్ల కాగితం మీద సాంచి నక్షా పైనుంచి గీయండి. లోపల చిన్న వృత్తం అశోకుడిది, దాని చుట్టూ పెద్ద వృత్తం రాతి తొడుగు, బయట కంచె వృత్తం, నాలుగు వంపు ద్వారాలు. ఒక్కో గీతకి ఒక్కో రంగు, రంగు పక్కన శతాబ్దం. తర్వాత పెన్సిల్‌తో తూర్పు ద్వారం నుంచి మనిషి నడిచే దారి గీయండి. వ్యాసంలో పేరాలు ఆ పెన్సిల్ గీత వెంటే నడవాలి. హర్మిక, ఛత్రం మనిషి తలెత్తి చూసే చోట రానివ్వండి, ముందే వద్దు. ఉమ్మడి కడప జిల్లా నందలూరు దగ్గర చెయ్యేటి ఒడ్డున కూడా బౌద్ధ స్తూపాల అవశేషాలున్నాయి. ఈ ఆదివారం వెళ్ళగలిగితే ఆ నక్షాని వెంట తీసుకెళ్ళండి. పునాది ఎక్కడ కనిపిస్తే అక్కడ నిలబడి, మీ పెన్సిల్ గీత ఎటు తిరిగేదో చూసుకోండి. రాసిన మొదటి రెండు పేజీలు ఇక్కడ పెడితే చదివి చెబుతాను.